ఊఁ కొట్టేవాడి ముఖం

“ఇంతకూ గా ఊఁ కొట్టేటోని మొఖం ఎట్లుంటది నీలీ?”

రమేశ్ ఈ మాట అడిగింది జనగామలో, పత్తి మార్కెట్ దగ్గర ఒక ఎరువుల దుకాణం మీది గదిలో. గది నిండా కింది నుంచి వచ్చే పురుగుమందు వాసన. బయట సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, బడుల్లేవు, బొగ్గు లేక కరెంటు కూడా లేదు. ఇంత జరుగుతున్నప్పుడు నలుగురు మనుషులు పిల్లల కార్టూన్ గురించి కొట్లాడుకోవడం ఏమిటని ఎవరైనా అనవచ్చు. ఉద్యమ కాలంలో అందరూ పగలూ రాత్రీ ఉద్యమమే చేశారని ఇప్పుడు రాసుకుంటున్నాం కానీ, అప్పుడూ జనం బియ్యం కొన్నారు, పెళ్లిళ్లు చేశారు, చేతిలో ఉన్న పని గడువులోగా ముగించాలని హైరానా పడ్డారు.

“నాకు తెల్వదన్నా” అంది నీలి.

ఆమెకు తెలుసు. ఆ ముఖం ఆమెకు తన ముఖం కంటే బాగా తెలుసు. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదన్నదే ఆమె పట్టుదల. ఎందుకు ఇవ్వకూడదో మాత్రం అప్పటికి సగమే తెలుసు.

నీలిది నర్సింహులపేట దగ్గర తండా. నాన్న ఏడాదిలో సగం పుణె వైపు కూలికి పోయేవాడు. అమ్మ సక్రి మిరప తోటల్లో పని చేసేది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, హాస్టల్లో తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ. గోడల మీద బొగ్గుతో బొమ్మలు గీస్తుంటే ఒక డ్రాయింగు మాస్టారు చూసి బొమ్మల కాలేజీ దరఖాస్తు తెచ్చి ఇచ్చాడు. తండా నుంచి ఒక ఆడపిల్ల ఎదిగిందంటే మనవాళ్లు వెంటనే దండ తెస్తారు. నీలికి దండలంటే చిరాకు. హైదరాబాదులో ఏళ్ల తరబడి ఆమె చేసింది ఇతర దేశాల కార్టూన్లకు గీతలు దిద్దడం. ఎవరో కల్పించిన కుందేలు చెయ్యి ఇక్కడి నుంచి అక్కడికి పోవాలంటే మధ్యలో ఉండే చేతులన్నీ ఈమె గీయాలి. “గా కుందేలుకు నేను చేతులు గీసిన గానీ, ఒక్కనాడు దానితోని మాట్లాడలే” అనేది. రాయాలని కోరిక అక్కడ పుట్టింది.

రమేశ్ జనగామవాడే. హైదరాబాదులో చిన్న స్టూడియో నడుపుతున్నాడు. ఒక పిల్లల చానల్ కొత్త సిరీస్ కోసం చూస్తోందని తెలిసి, నీలిని రాయమన్నాడు. తోడుగా ఇద్దరు. జనగామ అమ్మాయి భాగ్య రేడియోకు నాటికలు రాసేది. ఆ ఎరువుల దుకాణం వాళ్ల మేనమామదే. దానియేలు భూపాలపల్లివాడు, తండ్రి బొగ్గు గనిలో కార్మికుడు. వీళ్లు రాయాల్సిన దాన్ని ఆ వృత్తిలో సిరీస్ బైబిల్ అంటారు. ఈ సంగతి విని దానియేలు తల్లి అంజమ్మ, “ఉన్న బైబిలే సదువుత లేవు, కొత్తది రాస్తవారా?” అందట.

పేరెంత పెద్దదైనా అది పనిముట్టు. ఒక సిరీస్‌కు యాభై రెండు కథలు కావాలి. అవన్నీ ఒక్క మనిషి రాయలేడు. ముక్కూ మొహం తెలియని రచయితలు ఎక్కడెక్కడో కూర్చుని రాసినా, అదే ఊరు, అదే పిల్లలు, అదే గాలి ఉండాలి. దానికి ఏం కావాలో అది బైబిల్‌లో ఉంటుంది. ఆ లోకంలో ఏం జరగొచ్చు, అంతకంటే ముఖ్యంగా ఏం జరగకూడదు. ఒక్కో పాత్రకు ఏం కావాలి, ఏమంటే భయం, మొదటి కథ నుంచి చివరి కథకు ఎంత మారాలి. ప్రతి కథా నడవాల్సిన బాట ఏది. అద్భుతాలు కల్పించడం తేలిక. వాటికి హద్దులు గీయడమే అసలు పని. హద్దు లేని మంత్రం ఉంటే మొదటి నిమిషంలోనే కష్టం తీరిపోతుంది, కథ ఉండదు.

నీలి కల్పించిన సిరీస్ పేరు ‘ఊఁ కొట్టు’. ఒక తండాలో ముగ్గురు పిల్లలు. రాజీ గొప్పలు చెబుతుంది. మంగ్యా భయస్తుడు, ఏ కథా చివరిదాకా చెప్పలేడు. కల్యాణ్ అందరినీ సవరిస్తాడు. కరెంటు పోయినప్పుడు వీళ్లలో ఒకరు కథ మొదలుపెడితే, చీకట్లో ఎవరో “ఊఁ” అంటారు. ఆ ఊఁ వినబడినంతసేపూ చెప్పిన కథ నిజమవుతుంది. ఇదీ మంత్రం. ఇక హద్దులు. వాడు ఊఁ తప్ప మరో మాట అనడు. తర్వాత ఏమైందని అడగడు. కరెంటు ఉన్నప్పుడు రాడు. ఎవరికీ కనబడడు. కథ ముగిసి కరెంటు వచ్చాక అన్నీ మామూలైపోతాయి, ఆ కథలోని ఒక్క వస్తువు మాత్రం ఈ లోకంలో మిగిలిపోతుంది.

కథ నడిచే బాట కూడా అంతే బిగువుగా ఉంది. పగలు ఒక చిన్న చిక్కు. కరెంటు పోతుంది. ఒక పిల్ల ఆ చిక్కు తీరేలా కథ చెబుతుంది, కానీ తనకు అనుకూలంగా ఒక అబద్ధం కలుపుతుంది. ఊఁ వల్ల ఆ అబద్ధం కూడా నిజమై మెడకు చుట్టుకుంటుంది. ఇంకొకరు కథ అందుకుని నిజం చెప్పి ముగించాలి. దీపం వెలుగుతుంది, ఒక వస్తువు మిగులుతుంది. మొత్తం పదకొండు నిమిషాలు. చానల్ వాళ్లు కథల్ని ఏ వరుసలోనైనా వేస్తారు కనుక, పిల్లలు మారడం మూడు నాలుగు ముఖ్యమైన కథల్లోనే. మిగతా వాటిలో రాజీ ప్రతిసారీ మళ్లీ గొప్పలే చెప్పాలి. మనుషులు ఒక్క కథతో మారిపోతారని నమ్మేవాళ్లు సిరీస్‌లు రాయలేరు, ఉపన్యాసాలు రాసుకోవాలి.

చానల్ వాళ్లు అడిగిన సవరణలు రెండు. పిల్లలు ‘మామూలు తెలుగు’ మాట్లాడాలి, నవ్వించే పనివాడు ఒక్కడు తెలంగాణ యాసలో మాట్లాడొచ్చు అన్నారు. భాగ్య ఆ ఉత్తరం చదివి, “మనం మాట్లాడేది మామూలు కాదట నీలక్కా, మనం నవ్వించెటోళ్లమట” అంది. ఆ సవరణను ముగ్గురూ కొట్టేశారు, రమేశ్ కూడా పట్టుబట్టలేదు. రెండోది ముఖం. చివరి కథలో ఊఁ కొట్టేవాడు కనబడాలి, పిల్లలు వాణ్ని వాళ్లమ్మ దగ్గరికి చేర్చాలి. దీని మీద రమేశ్ పట్టు విడవలేదు.

నీలి ఇదంతా ఎక్కడి నుంచి తీసిందో ఎవరికీ చెప్పలేదు. ఆమెకు పదేళ్లప్పుడు, తమ్ముడు వాల్యాకు అయిదేళ్లు. పొద్దుగూకిన వేళ కరెంటు పోయింది. వాకిట్లో రెండు మంచాలు. అమ్మ గొర్రెల దొడ్డి దగ్గర ఉంది. నీలి ఒక మంచంలో వెల్లకిలా పడుకుని ఎలుగుబంటి పెళ్లి కథ చెబుతోంది. పక్క మంచం నుంచి ఊఁ, ఊఁ అని వస్తోంది. కథ సాగదీసింది, ఎలుగుబంటికి బావమరుదులను కల్పించింది. ప్రతి మాటకూ ఊఁ. కరెంటు వచ్చింది. తలతిప్పి చూస్తే పక్క మంచం ఖాళీ. దుప్పటి చల్లగా ఉంది. వాల్యా తెల్లారి మోటబావిలో దొరికాడు. వాడు అటు నడుస్తుంటే చీకటి పడకముందే చూశామని పక్క చేనువాళ్లు చెప్పారు.

అంటే చివరిదాకా ఊఁ అన్నది ఎవరు?

వాల్యానే అని నీలి నమ్మింది. వెళ్లిపోతూ కూడా తన కథ వింటూ పోయాడని. ఇలాంటి నమ్మకాలను విద్యావంతులు తీసిపారేస్తారు, నాకూ వాటి మీద గౌరవం లేదు. కానీ ఒక పదేళ్ల పిల్ల దాన్ని పట్టుకుని పెద్దదైంది, బతికింది. పెద్దయ్యాక దానికి సిరీస్ రూపం ఇచ్చింది. తమ్ముడు ఆ చీకట్లో క్షేమంగా, కనబడకుండా, ఎప్పటికీ కథలు వింటూ ఉంటాడు. ముఖం ఇవ్వననడానికి ఆమె చెప్పుకున్న కారణం ఇదే.

బైబిల్ బాగా కుదిరిందా లేదా తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. రచయితలకు నకలు ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా తలా ఒక కథ రాయమనాలి. కథలు వేరు కావాలి, లోకం ఒకటే కావాలి. సమ్మె మొదలు కావడంతో ఈ పరీక్ష దానంతటదే జరిగింది. దానియేలు భూపాలపల్లిలో చిక్కుకున్నాడు, అక్కడ గనులు బందు, ఫోను చార్జింగు లేదు. భాగ్య జనగామలో. నీలి అమ్మను చూసి వస్తూ మహబూబాబాద్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో ఆగిపోయింది. పట్టాల మీద జనం కూర్చున్నారు, రైళ్లు లేవు. మాట్లాడుకునే వీలే లేదు.

రైళ్లు ఒక పూట కదిలాక భాగ్య రాసింది ఎవరి ద్వారానో అందితే, నీలి మహబూబాబాద్ స్టేషను బెంచీ మీద కూర్చుని చదివింది. కథ బాగుంది. రాజీ తమ పొలంలో బోరు పడిందని గొప్పలు చెబుతుంది, నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. చివర దీపం వెలుగుతుంది. మిగిలిన వస్తువు దగ్గరికి వచ్చేసరికి నీలి కళ్లు ఆగిపోయాయి. బిందె అడుగున ఒక సైకిల్ బెల్లు మూత.

కథలో ఎక్కడా సైకిల్ లేదు. మిగిలే వస్తువు ఆ కథలోదే కావాలని నియమం. భాగ్య నియమం తప్పే మనిషి కాదు.

దానియేలు రాసింది రెండు రోజులకు వచ్చింది. అతనిది గని పక్క కాలనీ కథ, మంగ్యా పోగొట్టుకున్న మేక కోసం చెప్పేది. చివర మిగిలే వస్తువు మేక మెడతాడు కావాలి. అతను రాసింది, ‘నల్ల మొలతాడు, దానికి కట్టిన సైకిల్ బెల్లు మూత.’

వాల్యా తిరుగుబోతు. మిరప తోటలో వంగి పని చేస్తూ కొడుకు ఎటు పోతున్నాడో వినబడాలని సక్రి వాడి మొలతాడుకు గజ్జె కట్టాలనుకుంది. గజ్జె కొనలేక, పాడైన సైకిల్ బెల్లు మూతకు చిల్లు పొడిచి, లోపల ఒక మేకు వేలాడదీసి కట్టింది. నాన్న పోయాక ఆ సంగతి తెలిసినవాళ్లు లోకంలో తల్లీ కూతురూ ఇద్దరే మిగిలారు.

నీలి ఆటో మాట్లాడుకుని తండాకు పోయింది. సక్రి వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. వాళ్లు మాట్లాడుకున్నది లంబాడీలో. అమ్మను పిలిచే యాడీ అన్న మాట ఒక్కటి వదిలేసి, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది.

“యాడీ, వాల్యా బెల్లు సంగతి ఎవలకన్న చెప్పినవా?”

“ఎవలకు చెప్తనే? చెప్పేటందుకు అదేమన్న బంగారమా?”

“ఏడున్నది అది?”

“పెట్టెల ఉన్నది. ఆ పొద్దు విప్పిన. నడుము ఒరుసుకపోయి పుండైంది, సబ్బు రాసి విప్పిన. రేపు కడదాం తీయ్ అనుకున్న.” సక్రి మిరపకాయల మీది నుంచి తల ఎత్తలేదు. “ఇన్నేండ్లకు గిప్పుడెందుకు అడుగుతున్నవు?”

నీలి తాను ఎన్నడూ అడగని మాట అడిగింది. ఆ సాయంత్రం తాను కథ చెబుతుంటే దొడ్డి దగ్గరికి వినబడిందా అని.

“ఎందుకు వినబడదు? నీ గొంతు తండా మొత్తం వినబడ్తది. నువ్వొక్కదానివే మాట్లాడుకుంటున్నవు. పిల్లగాడు నిద్రపోయిండు, పిచ్చిది ఆపుత లేదు అనుకున్న.”

“వాల్యా ఊఁ కొట్టిండు గదా.”

“ఎవ్వలూ కొట్టలే.”

చేత్తో మిరపకాయలు పలచగా పరిచింది. తర్వాత సక్రి, కూతురు చిన్నప్పుడు చేసిన తప్పును ఇప్పుడు గుర్తొచ్చి తిడుతున్నట్టు, “పొయ్యి ముంగట కూసోబెట్టకుండ ఎవలన్న కథ చెప్తరానే?” అంది.

తండాలో అదొక పద్ధతి. కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టడానికి ఒక మనిషిని పెడతారు, ఆ మనిషి పొయ్యి వెలుగులో కూర్చోవాలి, నోరు కదిలేది అందరికీ కనబడాలి. నీలి దీన్ని వందసార్లు చూసింది. చలికి అలా కూర్చుంటారు అనుకుంది. కాలేజీలో చదువుకున్నాక, శ్రోతకు ఇచ్చే గౌరవం అని ఒక వ్యాసంలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. అది జాగ్రత్త అని ఆమెకు తట్టలేదు. సక్రిని అడిగితే ఎందుకో ఆమెకూ తెలియదు. “మా అవ్వ గట్లనే చేసేది” అంది, అంతే. నీలి మాత్రం ఆ పద్ధతిని తలకిందులు చేసి, కనబడని నోరే ఆధారంగా ఒక లోకం కట్టింది. అందులోకి యాభై రెండు సార్లు పిల్లల్ని పిలిచే బాట కూడా వేసింది.

ఆ వారంలోనే జనగామలో అందరూ కలిశారు. రమేశ్ హైదరాబాదు నుంచి కారులో వచ్చాడు. దారిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్న జనం అతన్ని ఆపి, పులిహోర తినిపించి గానీ వదల్లేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మోడల్ షీట్. ఒక పాత్రను ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీసిపెట్టిన కాగితం అది. దాన్ని చూసి ఎంతమంది ఆర్టిస్టులు గీసినా పిల్లవాడు ఒక్కడే కావాలి.

“చానలోళ్లు ఆగేటట్టు లేరు. మన ప్రశాంత్‌తోని గీయించిన. వెనుకది ఒక్కటే అయింది. ముందుది గీస్తాంటె వస్త లేదంటడు.”

కాగితం మీద ముందు వైపు ముఖం ఉండాల్సిన చోట ఉత్త గుండ్రం. వెనక వైపు మాత్రం పూర్తిగా ఉంది. సన్నటి వీపు, మొక్కు కోసం వదిలిన పిలక, నడుముకు నల్ల తాడు, తాడు కింద ఒరుసుకుపోయిన చోట చిన్న పుండు.

స్టూడియోకు బొమ్మలు గీసే ప్రశాంత్ హైదరాబాదులో ఉంటాడు. ఈ ముగ్గురినీ ఎన్నడూ చూడలేదు. బైబిల్ తప్ప అతని చేతిలో ఇంకేమీ లేదు. అందులో పిలక లేదు, తాడు లేదు, పుండు లేదు. అవన్నీ వాల్యావి.

అప్పుడు అడిగాడు రమేశ్, ఆ ముఖం ఎట్లుంటది అని. తెలియదంది నీలి.

“సరే, ముందుగాల దానియేలు రాసింది చదువుదాం. టైం చూస్త.” రమేశ్ ఫోనులో రికార్డింగు పెట్టి బల్ల మధ్య ఉంచాడు. రాసినదాన్ని గొంతులతో చదివి చూస్తేనే పదకొండు నిమిషాలకు సరిపోతుందో లేదో తెలుస్తుంది. భాగ్య రాజీ, నీలి మంగ్యా, రమేశ్ కల్యాణ్. ఊఁ కొట్టడం దానియేలుకు ఇచ్చారు. “గింత చదువు చదివి చివరికి ఊఁ కొట్టుడే దక్కింది నాకు” అన్నాడు దానియేలు. మధ్యాహ్నమే, కానీ కరెంటు లేదు. పురుగుమందు డబ్బాల అట్టపెట్టెలు కిటికీకి అడ్డంగా పేర్చి ఉన్నాయి. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుంటేనే అక్షరం ఆనుతోంది. ఎవరూ తల ఎత్తలేదు.

చదవడం బాగా సాగింది. ఊఁలు చక్కగా పడ్డాయి, తొందర లేదు, ఆలస్యం లేదు. మేక దొరికే చోట భాగ్యకు నవ్వొచ్చింది, ఊఁ ఆమె నవ్వు ఆగేదాకా ఆగి పడింది. చివరి వాక్యం చదివి రమేశ్, “దానియేలూ, నువ్వు ఆర్టిస్టువైపో రా, బ్రహ్మాండంగ కొట్టినవు” అన్నాడు.

తలుపు తీసుకుని దానియేలు లోపలికి వచ్చాడు. చేతిలో ఫోను.

“ఏమనుకోకన్నా, మొదలు పెట్టంగనే అమ్మ ఫోన్ జేసింది. కిందికి పోయిన. బాపు దీక్ష టెంటుల కూసున్నడట, షుగర్ గోలీలు మరిచిపోయిండట. యాడిదాంక అయింది?”

భాగ్య నీలి వైపు చూసింది. “నువ్వు కదా అక్కా కొట్టింది?”

“నేను కాదు. నువ్వు గాదా?”

రమేశ్ ఇద్దరినీ చూశాడు. తర్వాత ఫోను తీసి రికార్డింగు వినిపించాడు. ముగ్గురి గొంతులు. రాజీ మాట, ఖాళీ. మంగ్యా మాట, ఖాళీ. భాగ్య నవ్వు, ఆ తర్వాత కాస్త పొడుగు ఖాళీ. ఊఁ ఒక్కటి కూడా లేదు. అది ఉండాల్సిన ప్రతి చోటా ముగ్గురూ ఒకేసారి ఆగారు, ఒకేసారి మళ్లీ మొదలుపెట్టారు. ముగ్గురూ విన్నారు. ఫోను వినలేదు.

భాగ్య కిటికీ దగ్గరి అట్టపెట్టెలు ఒక్కొక్కటే కిందికి దించింది. దానియేలు మాత్రం గొణిగాడు, “నేను లేకున్నా పని అయితాందన్నట్టు.”

రమేశ్ వ్యాపారి. అతని భయం ఎంతోసేపు నిలవలేదు. “ఇగో చూడు, గిదే కావాలె మనకు. ముగ్గురికీ వినబడ్డదంటే ఎంత గట్టిగ రాసినవో చూడు. ఇంక మొఖం ఒక్కటియ్యి నీలీ. పదాలల్ల చెప్పు చాలు, ప్రశాంత్ గీస్తడు.”

నీలి మోడల్ షీట్‌లోని ఖాళీ గుండ్రం వైపు చూస్తోంది. మొదట భాగ్య చేతి నుంచి బెల్లు వచ్చింది. దానియేలు చేతి నుంచి తాడు. ఎక్కడో ఉన్న ప్రశాంత్ చేతి నుంచి వీపూ పిలకా పుండూ. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి తీసుకుని ఆ ఊఁ కొట్టేది ఒక పిల్లవాడి రూపం కూర్చుకుంటోంది. ముఖం ఒక్కటే మిగిలింది, అది ఈమె దగ్గరే ఉంది. ఇన్నేళ్లూ చీకట్లో తమ్ముణ్ని దాస్తున్నాననుకుంది. అమ్మ ఎవ్వలూ కొట్టలేదంది. తమ్ముడు ఆ సాయంత్రం కథ వినలేదు, బావి వైపు నడుస్తున్నాడు. విన్నది ఇంకేదో. దానికి పేరు లేదు, ఊరు లేదు, ముఖం లేదు. ఇప్పుడు అడుగుతోంది.

“ఇయ్య” అంది నీలి.

“ఎందుకియ్యవు?”

“అది పిల్లగాడు కాదన్నా. పిల్లగాని మొఖం దానికెందుకు?”

“మరి ఏంది?”

“నాకు తెల్వదు.” ఈసారి అది నిజం.

రమేశ్ కోపంతో కాదు, లెక్కతో మాట్లాడాడు. ఒప్పందంలో డబ్బు మూడు వాయిదాలు. సంతకం నాడు ఒకటి, తొలి ప్రతి నాడు ఒకటి, చివరి కథ, ప్రధాన పాత్రల రూపాలు అన్నీ కలిపి పూర్తి బైబిల్ చేతికొచ్చిన నాడు ఒకటి. మొదటి రెండూ ఇచ్చాడు. ముఖం లేకుంటే బైబిల్ పూర్తి కాదు, చానల్ తీసుకోదు. వేరేవాళ్లతో రాయించుకునే హక్కు కూడా తనకుంది.

“రాయించుకో. గానీ వాళ్లు ఏం రాస్తరో ముందుగాల అడుగు” అంది నీలి.

అక్కడే, వెలుతురు పడుతున్న కిటికీ కింద కూర్చుని, ఆమె బైబిల్‌లోని లోక నియమాల పేజీ మళ్లీ రాసింది. ఈ పని బెదిరింపుగానో మొక్కుగానో కాదు, పనివాడు యంత్రానికి అడ్డుపట్టీ బిగించినట్టు చేసింది. ఊఁ కొట్టేది పిల్లవాడు కాదు. దానికి కోరిక లేదు, భయం లేదు, మార్పు లేదు. కాబట్టి చివరి కథ లేదు. మిగిలే వస్తువు ఏనాడూ ఏ పిల్లవాడి ఒంటి మీదదీ కాకూడదు. దానికి ఎవరైనా ఒక ముఖం గీస్తే, ఆ ముఖం పెదవులు కదలకముందే ఊఁ వెనక నుంచి వినబడుతుంది. చివర కథ అందుకునే పిల్ల, ఊఁ కొట్టడానికి ఇంకొకరిని పొయ్యి ముందు కూర్చోబెట్టి, వాళ్ల నోరు చూస్తూ చెప్పాలి. ఇక కథ నడిచే బాటలో ముగింపు మారిపోయింది. నిజం చెప్పడం ఒక్కటే చాలదు. ఊఁ అన్నది మనిషి నోరేనని కళ్లతో చూశాకే కరెంటు రావాలి.

వృత్తి లెక్కన చూసినా ఇది మెరుగైన బైబిల్. ప్రతి కథ చివరా పిల్లలకు చేయాల్సిన ఒక పని దొరికింది, ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సి వచ్చింది. భయస్తుడు మంగ్యా ఇన్ని కథల తర్వాత పొయ్యి ముందు కూర్చోవడానికి ఒప్పుకోవడం, అదే అతని ప్రయాణం అయింది. భాగ్య చదివి, “గిది మంచిగుందక్కా, గానీ కొనరు” అంది.

కొనలేదు. చానల్‌కు బొమ్మగా అమ్ముకునే ముఖం కావాలి. రమేశ్ ఇద్దరు రచయితలతో వేరుగా ప్రయత్నించాడు. వాళ్లు ఏం రాసి తెచ్చారో అతను ఎవరికీ చూపలేదు. ఒకనాడు ఫోను చేసి నీలిని ఒకే మాట అడిగాడు. “మీ ఇంట్ల ఎవలకన్న ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటుండెనా?” నీలి ఫోను పెట్టేసింది. ఆ తర్వాత అతను మోడల్ షీటుతో సహా ఫైలు మొత్తం తగలబెట్టాడని ప్రశాంత్ చెప్పాడు. స్టూడియోను పెళ్లి వీడియోల వైపు తిప్పాడు.

సమ్మె ముగిసింది, కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది. దానియేలు బొగ్గు గనిలో తండ్రి ఉద్యోగంలో చేరాడు. భాగ్య దేవరుప్పులలో పంతులమ్మ, పిల్లలకు కథ చెప్పేటప్పుడు లైట్లన్నీ వేయిస్తుందట. నీలి ఇప్పుడూ సిరీస్ బైబిళ్లే రాస్తుంది, హైదరాబాదులో, మంచి పేరుంది. ఆమెను ఆ సిరీస్ గురించి అడిగితే, అందులో తాను రాసిన నియమాల పేజీ ఒక్కటే బాగా రాసిన పేజీ అంటుంది. ఊఁ కొట్టడం గురించి అడిగితే ముందు మన నోటి వైపు చూస్తుంది.

మూడో వాయిదా ముప్పై అయిదు వేల రూపాయలు రమేశ్ ఆమెకు ఇంకా ఇవ్వలేదు.